పెట్టె పొడవా, చుక్కల దూరమా? బాక్స్ ప్లాట్ చిత్రాలలో సమూహాల చెదురుదనాన్ని పోల్చే పద్ధతులపై ఒక సమీక్ష

చిక్కు ఎక్కడుంది

నాలుగైదు సమూహాల బాక్స్ ప్లాట్లను పక్కపక్కన గీసిన ఒక చిత్రాన్ని చూపి, వీటిలో ఏ సమూహపు విలువలు అన్నిటికన్నా ఎక్కువగా చెదిరి ఉన్నాయని అడగడం గణాంక పాఠాలలోనూ, పరిశోధన వ్యాసాలను తూచే సందర్భాలలోనూ తరచుగా ఎదురయ్యే ప్రశ్న. అసలు అంకెలు చేతిలో ఉంటే ఏదో ఒక సూత్రం వేసి జవాబు రాబట్టవచ్చు గాని, చాలా సందర్భాలలో పాఠకుడికి దొరికేది ఆ చిత్రపు స్క్రీన్‌షాట్ ఒక్కటే కాబట్టి, పెట్టె అంచులను, నడిమి గీతను, మీసాలను, వాటికి ఆవల ఉన్న చుక్కలను కంటితో చదివి నిర్ణయానికి రావలసి ఉంటుంది. అలా చదివినవారు ఒకే చిత్రం నుంచి వేర్వేరు జవాబులు చెప్పడం కద్దు. ఒకరు పొడవైన పెట్టెను చూపుతారు, మరొకరు ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఎక్కువ దూరం పాకిన సమూహాన్ని చూపుతారు, ఇంకొకరు చుక్కలు ఎక్కువగా ఉన్నదాన్ని చూపుతారు. ముగ్గురిలో ఎవరూ బొమ్మను తప్పుగా చదివి ఉండకపోవచ్చు. చెదురుదనం అనే మాటకు ముగ్గురూ మూడు అర్థాలు చెప్పుకున్నారంతే.

బొమ్మ పుట్టుక, దాని భాగాలు

ఒక విలువల వరుస మొత్తాన్ని ఒక పట్టీగా గీసి, మధ్య సగాన్ని లావుగా చూపే పద్ధతిని మేరీ ఎలియనార్ స్పియర్ 1952లో వెలువరించిన చార్టుల పుస్తకంలో చూపించారు. దాన్నే జాన్ ట్యూకీ మార్చి, 1977లో వచ్చిన తన ‘ఎక్స్‌ప్లోరేటరీ డేటా ఎనాలిసిస్’ గ్రంథం ద్వారా ఇప్పుడు అందరూ ఎరిగిన రూపానికి తెచ్చారు. ఇద్దరి బొమ్మలూ చూపులకు దగ్గరగానే ఉన్నా, వాటి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. స్పియర్ పట్టీ కనిష్ఠ విలువ నుంచి గరిష్ఠ విలువ దాకా సాగితే, ట్యూకీ ప్రచారంలోకి తెచ్చిన రూపంలో మీసం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది, ఆ హద్దు దాటిన విలువలు విడి చుక్కలుగా మిగులుతాయి. ఈనాటి గందరగోళంలో సగం ఈ తేడా నుంచి పుట్టినదే, ఎందుకంటే రెండు రకాల బొమ్మలూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, స్క్రీన్‌షాట్ మాత్రం తాను ఏ రకమో చెప్పదు.

విలువలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ నిలిచేదే మధ్యగతం. పెట్టె లోపలి అడ్డగీత అదే. వరుసలో కింది సగానికి మధ్యగతం మొదటి చతుర్థాంశం, పై సగానికి మధ్యగతం మూడో చతుర్థాంశం. పెట్టె కింది అంచు, పై అంచు ఇవే. వీటిని ట్యూకీ తలుపు కీలుతో పోల్చి పేరు పెట్టారు. రెండు అంచుల మధ్య దూరాన్ని చతుర్థాంశాంతర వ్యాప్తి అంటారు, సులువు కోసం దీన్ని ఈ వ్యాసంలో పెట్టె పొడవు అనుకుందాం. పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు తీసుకుని, కింది అంచుకు కింద అంత దూరంలో, పై అంచుకు పైన అంత దూరంలో కంటికి కనపడని రెండు కంచెలు వేస్తారు. కంచెల లోపల ఉన్న చివరి విలువ వరకే మీసం సాగుతుంది. మీసం కంచె దాకా పోదు, కంచె లోపలి విలువ దాకానే పోతుంది. ఈ చిన్న సంగతిని మరిచినవారు మీసం పొడవు నుంచి పెట్టె పొడవును వెనక్కి లెక్కగట్టబోయి దెబ్బతింటారు. కంచె ఆవలి విలువలే అవుట్‌లయర్లు.

పరీక్షకు పెట్టదగిన ఒక చిత్రం

ఈ వాదాలన్నిటినీ ఒకచోట నిలబెట్టి చూడడానికి ఆల్బర్ట్ మైకెల్సన్ 1879లో అమెరికాలోని అన్నాపొలిస్‌లో, తిరిగే అద్దం సాయంతో కాంతి వేగాన్ని కొలిచి నమోదు చేసిన 100 కొలతలంత అనువైన ఉదాహరణ అరుదు. ఒక్కొక్కటి వరుసగా 20 కొలతల చొప్పున వీటిని ఐదు సమూహాలుగా విభజించారు. ఆర్ అనే గణాంక భాషతో పాటే ఈ పట్టిక కూడా వస్తుంది గనుక ఎవరైనా ఒక్క పంక్తితో ఆ బొమ్మను గీసుకోవచ్చు:

```r
boxplot(Speed ~ Expt, data = morley)
```

అంకెలు చిన్నవిగా ఉండడానికి ప్రతి కొలత నుంచి 299000 తీసివేశారు, కాబట్టి పట్టికలో 850 అని ఉంటే సెకనుకు 299850 కిలోమీటర్లని అర్థం. అన్నిసార్లూ ఒకే కాంతిని, ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలిచారు గనుక ఇక్కడ సమూహంలోని చెదురుదనమంటే కొలతలోని నిలకడ లేమి తప్ప వేరొకటి కాదు. ప్రశ్నకు ఇంత స్పష్టమైన అర్థం ఉన్న దత్తాంశం దొరకడం అదృష్టమే.

చిత్రాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. మొదటి సమూహపు పెట్టె 850 నుంచి 980 వరకు ఉంటుంది, నడిమి గీత 940 దగ్గర, అంటే పై అంచుకు చేరువగా ఉంటుంది. మీసాలు 740కీ 1070కీ చేరతాయి, కింద 650 దగ్గర ఒకే ఒక చుక్క ఉంటుంది. రెండో సమూహపు పెట్టె 800 నుంచి 890 వరకు, నాలుగో దానిది 765 నుంచి 870 వరకు, ఐదో దానిది 805 నుంచి 870 వరకు. ఈ మూడింటిలోనూ చుక్కలు లేవు. మూడో సమూహమే విచిత్రమైనది. దాని పెట్టె 840 నుంచి 880 వరకు మాత్రమే, అగ్గిపెట్టెలా పొట్టిగా ఉంటుంది. పై మీసం 910 దగ్గరే ఆగుతుంది, కింది మీసం అసలు కనపడదు. పైన 950, 970 దగ్గర, కింద 720, 620 దగ్గర చుక్కలు.

కింది మీసం ఎందుకు మాయమైందో చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని గీతలో దోషమనుకునేవారు ఉంటారు. పెట్టె పొడవు 40 కాబట్టి కంచెకు దూరం 60, అందువల్ల కింది కంచె 780 దగ్గర పడుతుంది. 20 కొలతలలో 840 కన్నా తక్కువవి మూడే, అవి మూడూ కంచె అవతల ఉన్నాయి. కంచె లోపలి కనిష్ఠ విలువ 840, పెట్టె కింది అంచూ 840, కాబట్టి మీసం పొడవు సున్నా. ఇంకో విశేషమేమిటంటే, 840, 880 వంటి విలువలు పదేపదే రావడం వల్ల, మధ్య సగం ఉండవలసిన ఆ పెట్టెలో అంచులతో కలిపి 14 కొలతలు కూర్చున్నాయి.

ఒకే చిత్రానికి మూడు తీర్పులు

| సమూహం | మధ్యగతం | పెట్టె పొడవు | మీసాల కొన నుంచి కొనకు | మొత్తం వ్యాప్తి | క్రమ విచలనం |
|---|---|---|---|---|---|
| 1 | 940 | 130 | 330 | 420 | 105 |
| 2 | 845 | 90 | 200 | 200 | 61 |
| 3 | 855 | 40 | 70 | 350 | 79 |
| 4 | 815 | 105 | 200 | 200 | 60 |
| 5 | 810 | 65 | 210 | 210 | 54 |

చివరి నిలువు వరుస బొమ్మలో కనపడదు, మిగిలినవన్నీ కనపడతాయి. అన్నిటికన్నా ఎక్కువగా చెదిరినది మొదటి సమూహమే అన్న విషయంలో నాలుగు కొలమానాలూ ఏకమయ్యాయి కాబట్టి అక్కడ పేచీ లేదు. రెండో స్థానం ఎవరిదన్న దగ్గరే అసలు తగవు మొదలవుతుంది. పెట్టె పొడవును బట్టి చూస్తే నాలుగో సమూహం రెండోది, మూడోది అట్టడుగున ఉంటుంది. మొత్తం వ్యాప్తిని గాని, క్రమ విచలనాన్ని గాని బట్టి చూస్తే ఆ మూడోదే రెండో స్థానానికి ఎగబాకుతుంది.

పెట్టె పొడవునే ప్రమాణంగా పట్టుకునేవారి వాదం ట్యూకీ నాటి నుంచీ బలమైనది. ఒకటి రెండు విలువలు పాడైనా చలించని కొలమానం కావాలన్నది వారి కోరిక. మూడో సమూహంలోని 620 ఏదో పొరపాటున 62గా నమోదైనా పెట్టె అంచులు అంగుళమైనా కదలవు. బొమ్మలో నడిమి గీత మధ్యగతం గనుక దానికి జోడుగా చతుర్థాంశాలనే వాడాలనే పాఠ్యపుస్తకాల సూత్రం కూడా ఇక్కడిదే. పరీక్షలో ఈ ప్రశ్న అడిగినప్పుడు ఆశించే జవాబు దాదాపు ఎప్పుడూ పెట్టె పొడవే.

చివరలను కూడా లెక్కలోకి తీసుకోవాలనేవారి వాదం వేరు. క్రమ విచలనం ప్రతి విలువకూ సగటు నుంచి ఉన్న దూరాన్ని వర్గం చేసి కూడుతుంది కాబట్టి, దూరపు విలువలకు అందులో పెద్ద గొంతు ఉంటుంది. మూడో సమూహపు సగటు 845. అక్కడి నుంచి 620 దూరం 225, దాని వర్గం 50625, మొత్తం 20 వర్గాల కూడిక 118900. అంటే ఒక్క కొలతే కూడికలో 43 శాతం మోస్తోంది. కంచె దాటిన కొలతలన్నీ కలిపి 91 శాతం మోస్తున్నాయి. మొదటి వాదం వారు దీన్ని చూపి క్రమ విచలనం ఐదుగురి మాట విని పదిహేనుగురిని మరిచిందంటారు. రెండో వాదం వారు అదే అంకెను చూపి, పెట్టె పొడవు పదిహేనుగురిని చూసి ఐదుగురు లేరనుకుందంటారు.

ఇక్కడ సమీక్షకుడు ఒక పక్షం తీసుకోక తప్పదు. ఆ పరికరం మామూలు రోజున ఎంత నిలకడగా పనిచేస్తుందన్నది ప్రశ్న అయితే పెట్టె పొడవు చెప్పిన జవాబు సరైనది, ఒకే ఒక కొలత తీసుకుని దాని మీద ఆధారపడితే ఎంత దూరం తప్పిపోవచ్చన్నది ప్రశ్న అయితే చుక్కలను వదిలేసిన జవాబు ప్రమాదకరమైనది. ప్రశ్న ఏదో చెప్పకుండా మూడో సమూహాన్ని అన్నిటికన్నా నిలకడైనది అనడం గాని, అస్థిరతలో రెండో స్థానానిది అనడం గాని కుదరదు. ‘పెట్టె చిన్నదే గాని చుక్కలు దూరం’ అని రెండు ముక్కలూ కలిపి చెప్పడమే ఈ సమూహం విషయంలో నిజాయితీ గల పఠనం.

చుక్కల సంఖ్యను బట్టి తీర్పు చెప్పే మూడో అలవాటును మాత్రం ఒక వాదంగా గౌరవించడం కష్టం. కంచె పెట్టె పొడవుతోనే కట్టినది కాబట్టి పెట్టె ఎంత చిన్నదైతే కంచె అంత దగ్గరకు వస్తుంది, చుక్కలుగా మారే విలువలు అంత పెరుగుతాయి. మూడో సమూహంలోని 720ని ఐదో సమూహంలో పెడితే అది కంచె లోపలే ఉండేది. పైగా గంట ఆకారపు సామాన్య విభాజనంలో కూడా దాదాపు వెయ్యికి ఏడు విలువలు కంచె దాటుతాయి, కాబట్టి పదివేల విలువలున్న సమూహంలో ఏ అసహజమూ లేకపోయినా డెబ్బై దాకా చుక్కలు పడతాయి. చుక్కల గుంపు సమూహపు పరిమాణాన్ని చూపుతోందా, చెదురుదనాన్ని చూపుతోందా అన్నది బొమ్మ ఒక్కటే చెప్పలేదు.

స్థాయి పెరిగితే పరపు పెరిగే చోట

మైకెల్సన్ కొలతల మధ్యగతాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి గనుక పెట్టెల పొడవులను నేరుగా పోల్చవచ్చు. కాని లెక్కపెట్టిన సంఖ్యలు, ధరలు, ఆదాయాల వంటివాటిలో మధ్యగతం పైకి పోయేకొద్దీ పెట్టె కూడా సాగుతుంది, అక్కడ పొడవైన పెట్టె ఉన్న సమూహం ‘ఎక్కువ చెదిరినది’ కావడమంటే దాని విలువలు పెద్దవనే మాటను మరో రకంగా చెప్పడమే కావచ్చు. ఆర్ భాషలోనే ఉండే `InsectSprays` పట్టిక దీనికి మంచి సాక్ష్యం. జెఫ్రీ బీల్ 1942లో ప్రచురించిన ఆ ప్రయోగంలో ఆరు రకాల పురుగుమందులు చల్లిన మళ్లలో పురుగులను లెక్కపెట్టారు, ఒక్కో మందుకు 12 లెక్కలు. ‘ఏ’ మందు సమూహంలో మధ్యగతం 14, పెట్టె 11 నుంచి 18.5 వరకు, సీ మందు సమూహంలో మధ్యగతం 1.5, పెట్టె 1 నుంచి 3 వరకు. పొడవులు 7.5, 2. స్క్రీన్‌షాట్‌లో సీ పెట్టె నేలకు అతుక్కుపోయిన పల్చని పట్టీలా ఉంటుంది, ఎవరికైనా ‘ఏ’ సమూహమే ఎక్కువ చెదిరినదనిపిస్తుంది.

పెట్టె పొడవును మధ్యగతంతో భాగిస్తే బొమ్మ తలకిందులవుతుంది: ‘ఏ’ సమూహానికి 0.54, సీ సమూహానికి 1.33. ట్యూకీ ఇలాంటి సందర్భాలలో భాగహారం కన్నా కొలబద్దను మార్చడాన్నే ఇష్టపడ్డారు; ప్రతి లెక్కకూ వర్గమూలం తీసి మళ్లీ గీస్తే పెట్టె పొడవులు దాదాపు 0.98, 0.73కు వచ్చి, నాలుగు రెట్లకు చేరువగా ఉన్న తేడా మూడో వంతుకు తగ్గిపోతుంది. అంటే ఆ రెండు మందుల లెక్కలూ చెదరడంలో దాదాపు ఒకేలా ప్రవర్తిస్తున్నాయి, స్థాయిలో మాత్రమే దూరంగా ఉన్నాయి.

భాగహారపు పద్ధతికి ఉన్న గోతిని మైకెల్సన్ పట్టికే చూపిస్తుంది. మొదటి సమూహపు 130ని 940తో భాగిస్తే 14 శాతం వస్తుంది. అదే 130ని తీసివేసిన 299000ను తిరిగి కలిపి 299940తో భాగిస్తే 0.04 శాతం వస్తుంది. అక్షం మీద ఉన్న సున్నా నిజమైన సున్నా కానప్పుడు సాపేక్ష చెదురుదనానికి అర్థమే లేదు. కత్తిరించిన స్క్రీన్‌షాట్‌లో అక్షం పేరు, దాని కింది వివరణ లేకపోతే ఈ సంగతి తెలుసుకునే దారి ఉండదు.

స్క్రీన్‌షాట్ దాచేవి

కంటి అంచనాతో తృప్తి పడకుండా అంకెలు రాబట్టాలంటే పిక్సెళ్లను కొలవాలి. పద్ధతి చిన్నదే. అక్షం మీద దూరంగా ఉన్న రెండు గుర్తులను ఎంచుకుని, అవి చిత్రంలో ఏ వరుసలో పడ్డాయో చూడాలి. ఉదాహరణకు 700 గుర్తు 400వ వరుసలో, 1000 గుర్తు 160వ వరుసలో ఉన్నాయనుకుంటే, 240 పిక్సెళ్లకు 300 కిలోమీటర్లు, పిక్సెల్‌కు 1.25 అవుతుంది. ఆ చిత్రంలో మొదటి సమూహపు పెట్టె 176వ వరుస నుంచి 280వ వరుస దాకా ఉంటుంది, ఆ 104 పిక్సెళ్లను 1.25తో గుణిస్తే 130 వచ్చేస్తుంది. నాలుగో పెట్టె 84 పిక్సెళ్లు, అంటే 105. గీత మందం రెండు మూడు పిక్సెళ్లు ఉంటుంది గనుక ఒక్కో అంచు దగ్గర ఒకటి రెండు పిక్సెళ్ల తప్పు సహజం, రెండు అంచులకూ కలిపి పొడవులో ఐదు కిలోమీటర్ల దాకా తేడా రావచ్చు. నాలుగో పెట్టెకూ రెండో పెట్టెకూ మధ్య తేడా 15 కాబట్టి ఆ క్రమం నిలబడుతుంది. మొదటి సమూహపు 650 మాత్రం కింది కంచె 655కు నాలుగు పిక్సెళ్ల దూరంలోనే ఉంది; అది చుక్కగా పడడం, మీసపు కొనగా మారడం అంత సన్నని అంతరంలో తేలింది. అక్షం లాగరిథం కొలబద్దలో ఉంటే ఈ లెక్క పనికిరాదు, కాబట్టి మూడో గుర్తును కూడా కొలిచి, గుర్తుల మధ్య ఎడం సమానంగా ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది.

కొలత ఎంత సూక్ష్మమైనా, చతుర్థాంశాన్ని ఎలా నిర్వచించారన్న ప్రశ్న మిగులుతుంది. రాబ్ హైండ్‌మన్, యానన్ ఫాన్ 1996లో గణాంక సాఫ్ట్‌వేర్లను పరిశీలించి తొమ్మిది నిర్వచనాలను వరుస పెట్టారు. మైకెల్సన్ నాలుగో సమూహానికి కీలు పద్ధతిలో పెట్టె పొడవు 105 అయితే, ఎక్సెల్‌లో `QUARTILE.INC` వాడితే 97.5, `QUARTILE.EXC` వాడితే 112.5. ఈ ఐదు సమూహాలలో క్రమం ఏ నిర్వచనంలోనూ మారదు గాని, ఒక స్క్రీన్‌షాట్‌లోని పెట్టెను మరో సాఫ్ట్‌వేర్‌లో గీసిన పెట్టెతో పోల్చేటప్పుడు ఆ 15 తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక తికమకపడే వీలుంది. ఒకే చిత్రంలోని పెట్టెలను మాత్రమే పరస్పరం పోల్చాలన్న నియమం ఇందుకే ఏర్పడింది.

మూడో చిక్కు ఒకదాని మీద ఒకటి పడిన చుక్కలది. పైన మూడో సమూహానికి నాలుగు చోట్ల చుక్కలున్నాయని చెప్పాము గాని, కంచె దాటిన కొలతలు నిజానికి ఐదు. 720 రెండుసార్లు వచ్చింది, రెండు వలయాలూ ఒకదానిపై ఒకటి కూర్చున్నాయి. స్క్రీన్‌షాట్‌ను ఎంత పెద్దది చేసి చూసినా అవి రెండని తెలియదు. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది: జీజీప్లాట్ వంటివాటిలో పెట్టె మీద విలువలన్నిటినీ విడి బిందువులుగా చల్లినప్పుడు, అవుట్‌లయర్లను దాచమని చెప్పకపోతే ఒకే విలువ రెండుసార్లు కనిపిస్తుంది. ఇంతకన్నా పెద్ద అనర్థం `ylim` తో అక్షాన్ని కుదించడం. జీజీప్లాట్‌లో అది హద్దు దాటిన విలువలను లెక్క నుంచే తీసేసి మిగిలినవాటితో కొత్త పెట్టె గీస్తుంది. చిత్రాన్ని మాత్రమే దగ్గరకు తెచ్చేది `coord_cartesian`. ఈ రెండింటిలో ఏది వాడారో చిత్రం చెప్పదు.

ఇంకా తేలనివి

ఒక పెట్టె మరో పెట్టె కన్నా పొడవుగా ఉందని చదవడం వేరు, ఆ తేడా మరోసారి కొలిచినా నిలుస్తుందనడం వేరు. సామాన్య విభాజనం నుంచి 20 విలువలు తీసుకుంటే వాటి పెట్టె పొడవులో ప్రామాణిక దోషం ఆ పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. నాలుగో సమూహపు 105కు అది సుమారు 27. అలాంటప్పుడు 105కూ 90కీ మధ్య తేడాను పట్టుకుని రెండో స్థానం గురించి తగవు పడడానికి ఆధారం తక్కువ. కొన్ని బాక్స్ ప్లాట్లలో నడుము దగ్గర నొక్కు ఉంటుంది, రాబర్ట్ మెక్‌గిల్, ట్యూకీ, వేన్ లార్సెన్ 1978లో ప్రతిపాదించిన ఆ నొక్కు మధ్యగతంలోని అనిశ్చితిని చూపుతుందే తప్ప పెట్టె పొడవులోని అనిశ్చితిని చూపదు. పొడవుకు అలాంటి గుర్తు ఏదీ వాడుకలోకి రాలేదు. సమూహాల పరపులు నిజంగా వేరో కాదో తేల్చే లెవీన్ పరీక్షకూ, దాన్ని మధ్యగతం మీదికి మార్చి 1974లో వచ్చిన బ్రౌన్, ఫార్సైత్ పరీక్షకూ విడి విలువలు కావాలి, స్క్రీన్‌షాట్ సరిపోదు.

ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి చూసేవారికి క్రమ విచలనాలే కావాలి గనుక, పెట్టె పొడవును 1.35తో భాగించి క్రమ విచలనాన్ని అంచనా వేసే పద్ధతి చలామణిలో ఉంది. మైకెల్సన్ మొదటి సమూహానికి అది 96 ఇస్తుంది, అసలు విలువ 105, పనికొచ్చే అంచనాయే. నాలుగో దానికి 78 ఇస్తుంది, అసలు 60. మూడో సమూహానికి మాత్రం 30 ఇస్తుంది, అసలు 79. సమూహం గంట ఆకారానికి దగ్గరగా ఉందన్న ఊహ మీద ఆ భాగహారం నిలుస్తుంది, ఆ ఊహ ఎక్కడ కూలుతుందో మీసం లేని పెట్టె, దాని చుట్టూ ఉన్న చుక్కలు ముందే హెచ్చరిస్తున్నాయి. కనిష్ఠ, గరిష్ఠాలను కూడా కలిపి లెక్కించే సవరణలు తరువాత వచ్చాయి, అయితే చుక్కలతో నిండిన చిన్న పెట్టెల దగ్గర అవి ఎంతవరకు మెరుగన్నదాని మీద ఏకాభిప్రాయం కుదిరిందనలేము.

ఇక బొమ్మ గీసిన క్షణంలోనే తుడిచిపెట్టుకుపోయేది కొలతల వరుస. మూడో సమూహపు 20 కొలతలను అవి తీసిన క్రమంలో చదివితే మొదటి నాలుగూ 880, 880, 880, 860. ఆ తరువాత 720, 720, 620 వరుసగా వస్తాయి. ఎనిమిదోది 860, తొమ్మిదీ పదీ 970, 950. పదకొండో కొలత నుంచి ఇరవయ్యో కొలత దాకా ఏదీ 840 కన్నా దిగలేదు, 910 కన్నా పెరగలేదు. కంచె దాటిన ఐదు కొలతలూ ఐదో కొలతకూ పదో కొలతకూ మధ్యనే పడ్డాయి. అంటే ఆ సమూహంలో పరికరం ఎప్పుడూ ఒకే తీరున చెదిరిపోతూ లేదు; కాసేపు అటూ ఇటూ ఊగి, తరువాత కుదురుకుంది. ఆ ఊగిసలాటకు కారణం ఏదైనా, పెట్టె, మీసం, చుక్క అనే మూడు గుర్తులలో దేనికీ దాన్ని చూపే చోటు లేదు.